పదిహేడో ఛానెల్లో మంచు

మా అమ్మాయి ఇస్క్రా నాకొక షరతు పెట్టింది. మంగళవారం, శుక్రవారం పొద్దున తను కారెక్కే ముందు నేను టీవీలో పదిహేడో ఛానెల్ చూసి, తెర మీద కంటికి కనబడిందే చెప్పాలి. నా బుర్రలో కనబడేది చెప్పకూడదు.

ఆ షరతు ఊరికే పెట్టలేదు. వారానికి రెండు రోజులు తను కనుమ దాటి, అవతలి పక్కనున్న దోలెత్స్ అనే ఊళ్లో బడి పిల్లలకు పాట నేర్పడానికి వెళ్తుంది. గంటా పది నిమిషాల దారి. మొదటి ఏడాది నేను ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అనేదాన్ని. బ్రేకులు పట్టవేమో, ఎదురుగా కలప లారీ వస్తుందేమో, మలుపు దగ్గర కొండచరియ ఊగుతున్నట్టుంది అని. పిల్ల చెవులు మూసుకునేది. ఒకరోజు నిజంగానే కంటతడి పెట్టి, "అమ్మా, నువ్వు చెప్పే చావులన్నీ చచ్చి బడికి వెళ్లేసరికి నా గొంతులో పాటుండటం లేదు" అంది. ఆ రోజు నుంచి ఈ షరతు.

పదిహేడో ఛానెల్ మా ఊరి కేబుల్ వాళ్లది. వార్తలు, చావు ప్రకటనలు, పెళ్లి పాటలు వేస్తారు. మధ్యలో ఖాళీ దొరికితే కనుమ మీది కెమెరా చూపిస్తారు. మలుపు, దాని వెంట పాతిన ఎరుపు తెలుపు పట్టీల గుంజలు, ఆ వెనక తాళం వేసిన విడిది. చలికాలంలో పైన మనిషి ఉండడు. ఉన్న కళ్లు ఆ కెమెరావే.

జనవరి నుంచి ఆ బొమ్మ పాడైంది. కేబుల్ వాళ్లు అదే తీగలోకి ఇంకా ఛానెళ్లు కుక్కారట. పైన మంచు పడటం మొదలైతే చాలు, బొమ్మంతా గళ్లుగళ్లుగా చిట్లిపోయేది. ఫిబ్రవరి చివరి మంగళవారం ఇస్క్రా నీలం కారు మలుపులోకి వచ్చి, నా కళ్లెదుటే నాలుగు గళ్లుగా విరిగి, సగం ఇటు సగం అటు జరిగింది. నేను వేసిన కేకకి మావారు వెలిన్ స్నానాల గదిలోంచి సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు. పిల్ల క్షేమంగానే చేరింది. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర లేదు.

అందుకని నేనే మెతోది అన్నయ్యను పిలిచాను. ఊళ్లో ఎవరి టీవీ మొరాయించినా ఆయనే. వచ్చి ఒక గ్లాసు మజ్జిగ తాగి, రిమోట్ అందుకున్నాడు.

"టీవీకి రోగం లేదు నెవెనా. ఛానెలే అడుక్కుతినేది. వాళ్లు పంపేది సగం బొమ్మ. మిగతా సగం ఇదిగో, ఇలా ముతక గళ్లతో పూడుస్తున్నారు."

"ఆ గళ్లు చూడలేను అన్నయ్యా. నా పిల్లని ముక్కలు చేస్తున్నాయి."

"సర్లే, తుడిచేద్దాం." మెనూలో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లాడు. "ఇది నాయిస్ రిడక్షన్. పోయిన బొమ్మనీ ఇప్పటి బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. ఒక్క క్షణం మెరిసి పోయే చుక్క ఉందనుకో, అది మచ్చ అని తుడిచేస్తుంది. ఈ కిందది గళ్ల కోసం. గడి అంచుల్ని వేలితో రుద్దినట్టు రుద్దేస్తుంది. రెండూ బాగా పెంచేశా. చూడు, పెరుగు మీద మీగడలా లేదూ?"

నిజంగానే మీగడలా ఉంది. గళ్లు లేవు, చీమల్లా పాకే చుక్కలు లేవు. నా గుండె మీద చెయ్యి వేసి నిమిరినట్టయింది.

"మరి ఆ చుక్క మచ్చ కాక, నిజంగా ఉన్నదే అయితే?" అని అడిగాను. నా నోరు ఊరుకోదు కదా.

"వెలిన్, మీ ఆవిడ కోసం స్వర్గంలో కూడా చిల్లులు వెతికే ఉద్యోగం ఖాళీగా ఉంచారయ్యా" అని ఆయన నవ్వాడు. వెళ్లేముందు మాత్రం ఒక మాట చెప్పాడు. "మంచి ఛానెళ్లు చూసేటప్పుడు ఈ రెండూ తీసెయ్యండి. లేకపోతే మొహాలు మైనం ముద్దల్లా, గడ్డి ఆకుకూర పులుసులా కనిపిస్తుంది. అసలున్న సన్నటి గీతల్ని కూడా తినేస్తుందది." దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అంటించి మరిచిపోయాను.

మార్చి మొదటి శుక్రవారం. నాలుగు రోజుల కిందటే, మార్చి ఒకటిన మా ఆచారంగా, పిల్ల మణికట్టుకు నేనే ఎరుపు తెలుపు దారం కట్టాను, ఏడాదంతా ఒంట్లో బలం ఉండాలని. ఏడు గంటలకు తెల్లవారీ తెల్లవారనట్టు ఉంది. మా వీధిలో చినుకు. ఇస్క్రా బూట్లు తొడుక్కుంటూ అడిగింది:

"ఏం కనబడుతోందమ్మా?"

టీవీ ముందు నిలబడ్డాను. మలుపు ఉంది. రోడ్డు నల్లగా, తడిగా ఉంది. గుంజలు ఉన్నాయి. ఆకాశం బూడిద రంగులో, ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క రాలడం లేదు.

"రోడ్డు నల్లగా ఉంది. మంచు పడటం లేదు" అన్నాను.

"అబ్బో! ఇంకేం లేదా? తోడేళ్లు? దొంగలు?"

"కనబడిందే చెప్పమన్నావుగా."

నా నుదుటి మీద ముద్దు పెట్టింది. గుమ్మం దాటుతుంటే మాత్రం ఆగలేక ఒక మాట అనేశాను. "ఎక్కడైనా ఆగాల్సి వస్తే ఇంజను ఆపకు తల్లీ. హీటర్ ఉండనీ. చలికి బిగుసుకుపోతావు."

"సరే అమ్మా, సరే." ఏడూ పదికి కారు మూల తిరిగింది.

ఏడున్నర దాటాక తెర కొంచెం కొంచెంగా పాలిపోవడం మొదలైంది. రోడ్డు నలుపు తగ్గింది. పొగమంచేమో అనుకున్నాను. పొగమంచుకి నేను భయపడతాను కానీ, పిల్లకి ఆ దారి కళ్లు మూసినా తెలుసు. ఏడూ ముప్పావుకి మలుపులో నల్లటి మసక ఒకటి, వెనక తోకలా ఇంకో మసకను ఈడ్చుకుంటూ జరిగింది. అదే పిల్ల కారు అనుకున్నాను. అది ఫ్రేము దాటి పోయిందో, అందులోనే కలిసిపోయిందో తెలియలేదు. తెర మీద మళ్లీ మీగడ పరుచుకుంది.

ఎనిమిదింటికి వెలిన్ రొట్టె ముక్క పట్టుకొచ్చి సోఫాలో కూలబడ్డాడు. ముందురోజు మ్యాచ్ మళ్లీ వేస్తారట.

"ఒక్క పది నిమిషాలు నెవెనా. నీ కొండ ఎక్కడికీ పోదు."

ఛానెల్ మార్చాడు. కాసేపు చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటి? బంతికి తోక మొలిచింది. మైదానం చూడు, పాలకూర ఉడికించి పోసినట్టుంది. ఆ గోల్‌కీపర్‌కి మొహమే లేదు!"

"మెతోది అన్నయ్య చెప్పాడుగా. మంచి ఛానెళ్లకి తీసెయ్యాలని."

ఫ్రిజ్ మీది కాగితం చదివి చెప్పాను. ఆయన గొణుక్కుంటూ మెనూలోకి వెళ్లి రెండూ 'ఆఫ్'లో పెట్టాడు. మైదానంలో గడ్డి గడ్డిలా మొలిచింది. ఆటగాళ్ల చొక్కాల కుట్లు కూడా కనబడ్డాయి. "ఆఁ! ఇదీ బొమ్మంటే" అన్నాడు.

ఎనిమిదీ పదికి నేను రిమోట్ లాక్కుని పదిహేడుకి వచ్చాను. మా పెట్టెలోంచి వచ్చే అన్ని ఛానెళ్లకూ ఆ అమరిక ఒకటే. దాన్ని ఆయన మళ్లీ పెంచలేదు.

తెర నిండా చిట్లిన గళ్లు. గళ్ల మధ్య చుక్కలు, వేల చుక్కలు.

"చూశావా, నీ పాత జబ్బు తిరగబెట్టింది" అన్నాడు వెలిన్. "ఇలా ఇవ్వు, మళ్లీ పెంచుతాను."

"ఆగు."

"దేనికి?"

"ఆగమన్నానా!"

తెర దగ్గరికి వెళ్లి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాను. రెండు రకాల చుక్కలున్నాయి. ఒక రకం ఉన్నచోటే వణుకుతున్నాయి. ఇటు ఒకటి, అటు ఒకటి, వాటికి ఒక దారీ తెన్నూ లేదు. ఇంకో రకం కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు, ఒకదాని వెనక ఒకటి, అడ్డంగా కొట్టుకుపోతున్నాయి. కేబుల్ మచ్చలకి గాలి తగలదు కదా. గాలి తగిలేది మంచుకే.

"వెలిన్, అది మంచు."

"పాడు ఛానెల్ నెవెనా. ఎప్పుడూ ఇంతే కదా."

"గుంజలు లెక్కపెట్టు. పట్టీలు లెక్కపెట్టు."

పొద్దున ఆ గుంజలు నాకు గులాబీ రంగు కర్రల్లా కనబడ్డాయి. ఎరుపునీ తెలుపునీ కలిపి రుద్దేసింది ఆ అమరిక. ఇప్పుడు పట్టీ పట్టీ విడిగా ఉంది. ప్రతి గుంజకీ అయిదు పట్టీలుంటాయి, నాకు కంఠతా తెలుసు. దగ్గరి గుంజకి నాలుగు పైకి ఉన్నాయి. మలుపు లోపలికి, గాలి మంచును తోసి పోగేసే చోట, మూడు, ఇంకా అవతల రెండు. మిగిలినవి మంచు కింద.

వెలిన్ రొట్టె పక్కన పెట్టి లేచాడు.

నేనప్పుడు పొద్దుటి మాట తలుచుకున్నాను. రోడ్డు నల్లగా ఉంది, మంచు పడటం లేదు. ఏడింటికే పడటం మొదలైంది. ఆ కాస్త వెలుగులో పడే సన్నటి మంచును ఈ పెట్టె మచ్చలనుకుని తుడిచేసి, నాకు ఇస్త్రీ చేసిన ఆకాశం చూపించింది. పిల్ల ఆ బడికి వెళ్తున్న మూడేళ్లలో నేను ఏ అనుమానమూ లేకుండా పంపింది ఈ ఒక్కసారే. జనవరిలో ఆ గళ్లు మంచు పడినప్పుడే చిట్లేవి. నాకు ఏమీ తెలియకుండానే అవి నాకు చెబుతూ వచ్చాయి. నేనే వాటి నోరు మూయించాను.

పిల్లకి ఫోన్ చేశాం. సిగ్నల్ లేదు. కనుమ మీద ఎప్పుడూ ఉండదు.

రోడ్డు శుభ్రం చేసే వాళ్ల డిపోకి చేశాను. ఝెల్యో ఎత్తాడు. చిన్నప్పుడు ఇస్క్రా తరగతే.

"నెవెనా పిన్నీ! ఏంటి విశేషం? నవంబర్లో రాలిన ఆకులకి నాలుగుసార్లు చేశావు. ఇవాళ ఏంటి, సూర్యుడు ఆలస్యంగా లేచాడా?"

"నాయనా, కనుమ మీద మంచు తుఫాను. ఇస్క్రా పైనుంది. మంచు తోసే బండి పంపించు."

"తుఫానేంటి పిన్నీ? నా ఎదురుగా గోడ మీద పదిహేడో ఛానెలే ఉంది. మా సొంత కెమెరా లైను క్రిస్మస్ నుంచి చచ్చింది, ఇక్కడ అందరం దీన్నే చూస్తున్నాం. కాస్త పొగమంచు, అంతే. బండి తొమ్మిదింటికి ఎలాగూ వెళ్తుంది."

నేను ఫ్రిజ్ మీది కాగితం వైపు చూశాను.

"ఝెల్యో, మీ టీవీ ఎవరు బాగుచేశారు?"

"మెతోది బాబాయ్. ఎందుకు? గాజులా చేసిపెట్టాడు."

"మెనూలోకి వెళ్లు."

"పిన్నీ..."

"నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లు. బొమ్మ అని ఉంటుంది. దాని లోపల ఇంకోటి. నాయిస్ అని ఉన్నది ఆపు. దాని కిందది కూడా ఆపు."

"ఈ రిమోట్ సగం మీటలు పనిచేయవు... ఆఁ, ఇదిగో... ఒకటి ఆపాను. రెండోది..."

కుర్చీ కింద పడిన చప్పుడు వచ్చింది. తర్వాత ఎవరినో పిలుస్తూ అతని కేక. "స్తామెన్! బండి తీయరా! ఇప్పుడే! కాఫీ తర్వాత తాగుదువు గానీ!"

మళ్లీ నాతో మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది. "పిన్నీ, అరగంట పడుతుంది. కారు ఎక్కడుందో తెలుసా? ఆ మలుపులో మంచు పోగుపడి కప్పేస్తే మా బండి కారు మీదికే ఎక్కే ప్రమాదం ఉంది."

తెలియదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తెర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. గళ్లు పుడుతున్నాయి, చస్తున్నాయి. ప్రతి నల్ల గడీ కారులా కనబడింది. ప్రతి తెల్ల గడీ సమాధిలా కనబడింది. షరతు గుర్తు చేసుకున్నాను. కనబడిందే చూడు నెవెనా. బుర్రలోది కాదు.

"ఇంజను ఆపొద్దని చెప్పావు కదూ?" అన్నాడు వెలిన్ వెనక నుంచి. మామూలుగా అడిగినట్టే అడిగాడు. కానీ ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపినవాడు. నేను వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాను.

"చెప్పు. ఏంటి?"

"ఏం లేదు."

"చెప్పు వెలిన్!"

"కారు వెనక భాగం మంచులో దిగబడి ఉంటే... పొగ గొట్టం మూసుకుపోతుంది. పొగంతా లోపలికే వస్తుంది. వాసన కూడా తెలియదు. నిద్రొస్తుంది, అంతే."

నేను జన్మంతా తోడేళ్లకి, లారీలకి, కొండచరియలకి భయపడ్డాను. ఆ భయాల్లో ఇదొక్కటి లేదు. దీన్ని నేనే, వెచ్చగా ఉండమని చెప్పి, పిల్ల చేతికిచ్చి పంపాను.

ఏడవలేదు. ఏడిస్తే కళ్లు మసకబారతాయి. మసక చాలు ఇక.

ఎడమ పక్కన, రెండు పట్టీలే మిగిలిన గుంజల మధ్య, ఒక గడి కాస్త పసుపు తిరిగింది. ఆగిపోయింది. కేబుల్ మచ్చే అనుకున్నాను. మళ్లీ తిరిగింది. అదే చోట. మళ్లీ ఆగింది. నా గుండె చప్పుడుకి లెక్కపెట్టాను. మచ్చలు తప్పుతాయి, ఒక చోట ఉండవు, ఒక లెక్కన రావు. ఇది తప్పడం లేదు. వెలగడం, ఆరడం. వెలగడం, ఆరడం.

"వెలిన్, ఇది చూడు. నా కళ్లా, నిజమా?"

ఆయన పక్కన మోకరిల్లాడు. చాలాసేపు చూశాడు. "రెండు దీపాలూ కలిసి వెలుగుతున్నాయి. కారు ఆగిపోతే వేసే ప్రమాద దీపాలు" అన్నాడు.

"ఝెల్యో! విడిది వైపు నుంచి లెక్కపెడితే ఏడో గుంజకీ ఎనిమిదో గుంజకీ మధ్య. రోడ్డు లోపలి అంచున. వెనక భాగం మంచులో ఉన్నట్టుంది. స్తామెన్‌తో చెప్పు, ముందుగా తలుపు తీయమను. ఇంజను ఆపమను. పిల్లని బయటికి లాగమను. వెచ్చగా ఉందని లోపల కూర్చోనివ్వొద్దని చెప్పు."

"రేడియోలో చెబుతున్నా పిన్నీ. నువ్వు చూస్తూనే ఉండు. నా దగ్గర తెర చిన్నది, నాకు ఆ దీపం కనబడటం లేదు."

చూస్తూనే ఉన్నాను. ఎనిమిదిన్నర. ఎనిమిదీ నలభై. ఆ పసుపు గడి పాలిపోతోంది. మంచు దాని మీద పేరుకుంటోందో, బ్యాటరీ చస్తోందో, నా కళ్లే చస్తున్నాయో. ఒకసారి ఎంతకీ వెలగలేదు. నేను పదకొండు లెక్కపెట్టాను. పన్నెండుకి వెలిగింది.

అప్పుడు కుడి మూల నుంచి పెద్ద నారింజ వెలుగొకటి వచ్చింది. దాని ముందు లేచిన మంచు ధాటికి బొమ్మ మొత్తం చిట్లి, తెరంతా గళ్ల కుప్ప అయింది. ఏమీ కనబడలేదు. "పెంచమంటావా?" అని వెలిన్ రిమోట్ ఎత్తబోయాడు. ఆయన చేతి మీద కొట్టాను.

గళ్లు నెమ్మదిగా సర్దుకున్నాయి. బండి ఆగి ఉంది. ఒక నల్లటి నిలువు గీత బండి దగ్గర నుంచి కదిలింది. అది మనిషి. గుంజల మధ్యకి వెళ్లి, వంగి, మాయమైంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను ఒక్క గీతనే వెతుకుతున్నాను. వెళ్లిన గీత కాదు, దాని పక్కన రావాల్సిన రెండోది.

గీత మళ్లీ లేచింది. కాస్త లావుగా ఉంది. ఎత్తుకున్నాడో, ఈడ్చుకొస్తున్నాడో. ఆ లావు గీత నాలుగు అడుగులు వేసి ఆగింది. మధ్యలోంచి చీలింది. రెండైంది. రెండోది నడుము దగ్గర వంగిపోయి, ఊగుతూ, మోకాళ్ల మీద పడి, మళ్లీ లేచింది.

"కక్కుతోంది" అన్నాడు వెలిన్. "కక్కనీ. కక్కితే మంచిదే."

ఝెల్యో లైను వదిలిన పావుగంట తర్వాత ఫోన్ మోగింది. స్తామెన్ బండి కనుమ దిగి సిగ్నల్ అందే చోటికి వచ్చింది. అవతల ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత చిన్నప్పుడు జ్వరం వస్తే వినబడే గొంతు.

"అమ్మా. తల పగిలిపోతోంది."

"ఏం మాట్లాడకు. కిటికీ తెరిచి ఉంచమను. తిన్నగా ఆసుపత్రికే. నాన్న బయల్దేరుతున్నాడు."

"నాకు నిద్రొచ్చింది అమ్మా. చాలా హాయిగా అనిపించింది. స్తామెన్ తలుపు తీసి నన్ను గట్టిగా తిట్టాడు. పొద్దున రోడ్డు నల్లగా ఉందన్నావు."

ఏం చెప్పాలి? తెర నాతో అబద్ధం చెప్పిందనా? ఆ తెరను అలా మార్చమని అడిగింది నేనే కదా.

"నాకు అదే కనబడింది తల్లీ" అన్నాను. "నున్నగా కనబడింది. అంత నున్నగా ఉంటే అనుమానించాల్సింది. అనుమానించలేదు."

"నువ్వా? అనుమానించలేదా?" నవ్వబోయి దగ్గింది. "సరే, ఇప్పుడేం కనబడుతోంది? కనబడిందే చెప్పాలి."

తెర వైపు చూశాను. ఖాళీ మలుపు. ఏడో గుంజకీ ఎనిమిదో గుంజకీ మధ్య గళ్లలో ఆ పసుపు దీపం ఇంకా వెలుగుతోంది, ఎవరూ లేని కారులో. దాని మీదుగా మంచు అడ్డంగా పోతోంది.

"మంచు పడుతోంది" అన్నాను. "చాలా పడుతోంది. ఒక్కొక్క చుక్కా కనబడుతోంది."